12×18 పోస్టర్ మూడు మీటర్ల నుంచి చదవాలంటే అక్షరం ఎంత ఉండాలి?

ప్రశ్న: "మాది హన్మకొండలో డిగ్రీ కాలేజీ. వచ్చే నెల కల్చరల్ ప్రోగ్రామ్ ఉంది, పోస్టర్ డిజైన్ నాకు అప్పజెప్పారు. పోయినేడు వేసిన పోస్టర్ పక్కకు వెళ్లి నిలబడితే గానీ ఎవరికీ అర్థం కాలేదు. ఈసారి మూడు మీటర్ల దూరం నుంచి స్పష్టంగా చదవగలగాలి. 12×18 షీటే ప్రింట్ తీయిస్తాం, అంతకంటే పెద్దదానికి బడ్జెట్ లేదు. తెలుగు అక్షరాలు ఏ సైజులో పెట్టాలి? టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి."

జవాబు:

ముందు కొలతలు చెప్తాను. ప్రోగ్రామ్ పేరు అక్షరం ఒళ్లు 35 నుంచి 40 మిల్లీమీటర్లు ఉండాలి. తేదీ అంకె అంతకంటే పెద్దగా, 60 వరకు వెళ్లనివ్వండి. వారం, సమయం, చోటు 20 మిల్లీమీటర్లు. ఈ ఐదు సంగతులే మూడు మీటర్ల నుంచి చదవాల్సినవి. మిగతావన్నీ దగ్గరికి వచ్చి నిలబడినవాళ్ల కోసం, వాటికి 6 మిల్లీమీటర్లు చాలు.

"అక్షరం ఒళ్లు" అంటే తలకట్టు, గుడి, వత్తు, ఇవన్నీ తీసేస్తే మధ్యలో మిగిలే భాగం. తలకట్టు లేని "ల" తీసుకుని దాని ఎత్తు స్కేలుతో కొలిస్తే అదే ఒళ్లు. నేను ఎప్పుడూ పాయింట్లలో కాకుండా మిల్లీమీటర్లలోనే చెప్తాను, ఎందుకంటే పాయింట్ సైజు తెలుగులో చాలామందిని మోసం చేస్తుంది. 60 పాయింట్ అంటే 21 మిల్లీమీటర్లు. కానీ అది అక్షరం కూర్చునే డబ్బా కొలత, అక్షరం కొలత కాదు. ఆ డబ్బాలోనే పైన గుడికి, కింద వత్తుకి చోటు పోవాలి కాబట్టి తెలుగు ఫాంట్లలో ఒళ్లు సుమారు సగం, చాలాసార్లు సగానికి తక్కువే వస్తుంది. అదే 60 పాయింట్‌లో ఇంగ్లీషు పెద్దక్షరం 15 మిల్లీమీటర్లు ఉంటే తెలుగు "ల" 9 లేదా 10 దగ్గర ఆగిపోతుంది. ఇంగ్లీషు పోస్టర్ల సలహాలు చూసి అవే నంబర్లు పెట్టినవాళ్లందరూ ఇక్కడే దెబ్బతింటారు.

లెక్క తేలిక. మీరు ఎంచుకున్న ఫాంట్‌లో "ల" ఒకటి 100 పాయింట్‌లో ప్రింట్ తీసి స్కేలుతో కొలవండి. 16 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. మీకు 40 కావాలి. 40ని 16తో భాగించి 100తో గుణిస్తే 250. అంటే 250 పాయింట్ పెట్టాలి. ఆ నంబర్ చూడగానే భయపడతారు, "ఇంత పెద్దదా" అని తగ్గిస్తారు. తగ్గించకండి.

ఇంత పెద్దగా ఎందుకు?

కంటి పరీక్షలో 6/6 చూపు అంటారు కదా, ఆ వరుసలోని అక్షరం మన కంటి దగ్గర చేసే కోణం ఒక డిగ్రీలో పన్నెండో వంతు. మూడు మీటర్ల దూరంలో ఆ కోణానికి వచ్చే ఎత్తు 4.4 మిల్లీమీటర్లు. అది మంచి వెలుతురులో, కదలకుండా నిలబడి, కష్టపడి చూస్తే అందే చివరి అంచు. అదీ సాదా గీతలున్న ఇంగ్లీషు అక్షరానికి. మీ పోస్టర్ చూసేవాళ్లు కారిడార్‌లో నడుస్తూ ఉంటారు, కొందరు కళ్లజోడు బ్యాగులోనే పెట్టుకుని ఉంటారు, చేతిలో చూడడానికి నాలుగైదు సెకన్లే ఉంటాయి. అందుకని ఇంగ్లీషు బోర్డులకు పది అడుగుల దూరానికి ఒక అంగుళం అక్షరం అనే లెక్క వాడుకలో ఉంది. మూడు మీటర్లంటే ఇంచుమించు పది అడుగులే.

తెలుగుకు అంగుళం సరిపోదని నేను ఎందుకంటానంటే, మన అక్షరాల్లో తేడా చెప్పే గుర్తు చాలా చిన్నది. బ, భ పక్కపక్కన రాసి చూడండి. తలకట్టు వదిలేస్తే తేడా అంతా కింద ఉన్న చిన్న గీతలో ఉంది. ద, ధ అంతే. ప, ఫ అంతే. వ, ప, మ, య దూరం నుంచి ఒకే గుండ్రటి ముద్దలా కనబడతాయి. ఇంగ్లీషులో ఒక పెద్దక్షరాన్ని దాని మొత్తం ఆకారంతో గుర్తుపడతాం, తెలుగులో మూలనున్న ఒంపుతోనో గీతతోనో గుర్తుపడతాం. ఆ ఒంపు కనబడేంత పెద్దదైతేనే అక్షరం చదివినట్టు. అందుకే పేరుకు అంగుళంన్నర అడుగుతున్నాను. వారం, చోటు లాంటివి రోజూ చూసే మాటలు కాబట్టి కన్ను సగం ఊహించుకుంటుంది, 20లో కూడా సాగిపోతుంది. ప్రోగ్రామ్ పేరు కొత్తది, ఊహించుకోవడానికి ఏమీ ఉండదు.

అసలు సమస్య సైజు కాదు, మాటల పొడవు

రెండేళ్ల కింద ఇద్దరు అమ్మాయిలు ఇదే 12×18 పోస్టర్ పట్టుకుని మా డీటీపీ షాపుకి వచ్చారు. వాళ్లది కూడా కాలేజీ ప్రోగ్రామే. పైన ఒకే వరుసలో "వార్షికోత్సవ సాంస్కృతిక కార్యక్రమాలు" అని బంగారు రంగు షేడ్‌లో, చుట్టూ తెల్ల అంచు, వెనకాల నీడ. బ్యాక్‌గ్రౌండ్‌లో వరంగల్ కోట తోరణం ఫొటో. మధ్యలో పెరిణి నాట్యం, బతుకమ్మ, ఒగ్గుకథ, మూడు ఫొటోలు. కింద ముఖ్య అతిథి నుంచి లెక్చరర్ల వరకు పదకొండు పేర్లు. తేదీ ఆ పేర్ల కింద.

పోస్టర్ చూడడానికి బాగుంది, స్క్రీన్ మీద. నేను ప్రింట్ తీసి షాపు గోడకు అంటించి, ఎదురు చాయ్ దుకాణం ఆయన్ని పిలిచి ఐదు టైల్స్ అవతల నిలబెట్టాను. మా షాపులో రెండడుగుల టైల్స్, ఐదు టైల్స్ అంటే ఇంచుమించు మూడు మీటర్లు. "ఏం రాసి ఉందన్నా?" అంటే "ఏదో కాలేజీది" అన్నాడు. "ఎప్పుడట?" అంటే ముందుకు నడవడం మొదలుపెట్టాడు.

టైటిల్ కొలిస్తే ఒళ్లు 9 మిల్లీమీటర్లు. ఆ అమ్మాయిలు వెంటనే "పెద్దగా చేద్దాం సార్" అన్నారు. కానీ ఎంత పెద్దగా చేయగలం? 12 అంగుళాలంటే 305 మిల్లీమీటర్లు. రెండు పక్కలా 20 చొప్పున వదిలితే 265 మిగులుతుంది. ఆ మూడు మాటల్లో పద్నాలుగు అక్షరాలు ఉన్నాయి, వత్తులూ దీర్ఘాలూ సున్నా పక్కకు తినే చోటు కలిపితే పదిహేడు పద్దెనిమిది అక్షరాల వెడల్పు. 265ని 18తో భాగించండి, 15 కూడా రాదు. అంచు నుంచి అంచుకు లాగినా 15 మిల్లీమీటర్లు దాటని టైటిల్ అది. మూడు వరుసలుగా విరగ్గొడితే పెద్దదవుతుంది, కానీ "సాంస్కృతిక"లో స కింద క వత్తు, దానికి తోడు ఋత్వం వేలాడుతుంటాయి. వాటికి చోటిస్తే వరుసల మధ్య దూరం పెంచాలి, అప్పుడు సగం పోస్టర్ టైటిలే తింటుంది.

కాబట్టి మాట మార్చాం. పైన ఒక్కటే మాట: సంబురాలు. దాంట్లో ఒక్క వత్తు లేదు, ఒక్క గుడి లేదు. నాలుగే అక్షరాలు. పక్కన సున్నా, కొమ్ములు, దీర్ఘం కలిపినా ఆరు అక్షరాల వెడల్పు కొంచెం దాటుతుంది, అంతే. 265లో 40 మిల్లీమీటర్ల ఒళ్లు హాయిగా పట్టింది. పైగా అది మన నోట్లో ఉండే మాట, తెలంగాణలో ఎవరూ దాన్ని రెండోసారి చదవాల్సిన పని లేదు. "వార్షికోత్సవ సాంస్కృతిక కార్యక్రమాలు" అనే అధికారిక పేరు తీసేయలేదు, దాని పైన 10 మిల్లీమీటర్లలో కాలేజీ పేరుతో పాటు పెట్టాం. ప్రిన్సిపాల్ గారు కూడా ఒప్పుకున్నారు.

మీరు చేయాల్సిన మొదటి పని కూడా ఇదే. కంప్యూటర్ తెరవకముందే కాగితం మీద ప్రోగ్రామ్ పేరు రాసి, అక్షరాలు లెక్కపెట్టి, వత్తులు లెక్కపెట్టండి. వెడల్పు ఏడు అక్షరాలు దాటితే 40 రాదు. తొమ్మిది దాటితే 30 కూడా రాదు. అప్పుడు రెండు వరుసలు చేస్తారా, చిన్న మాట వెతుకుతారా అన్నది మీరు తేల్చుకోవాలి. చేయకూడనిది ఒకటే, అక్షరాలను పక్కల నుంచి నొక్కి ఇరికించడం. డెబ్బై శాతానికి నొక్కితే గుండ్రటి ఒంపులు కోడిగుడ్లు అవుతాయి, నిలువు గీతలు సన్నబడతాయి, వ, ప, మ ఇంకా దగ్గరైపోతాయి. ఎత్తు 40 ఉన్నా చదవడానికి 25లా పనిచేస్తుంది.

ఇక షీట్ ఎత్తు 457 మిల్లీమీటర్లు. దాన్ని మేము ఎలా పంచామో చెప్తే మీకు ఉపయోగపడుతుంది. పైన కింద అంచులకు 40 పోయింది. కాలేజీ పేరు, అధికారిక పేరు 25. "సంబురాలు"కు ఊపిరాడే చోటుతో కలిపి 70. తేదీకి 85, అందులో ఎడమ పక్క "21" అంకె 60 మిల్లీమీటర్ల ఎత్తులో, దాని కుడి పక్క రెండు వరుసలు, పైన "శనివారం", కింద "సాయంత్రం 5". నెల పేరు చిన్నగా, 12 మిల్లీమీటర్లలో పెట్టాం, ఎందుకంటే పది రోజుల ముందు అంటించే పోస్టర్‌కి నెల అందరికీ తెలిసిందే. "ఆడిటోరియం"కు 40. కింద పేర్ల పట్టీకి 55. మొత్తం 315. మిగిలిన 140 మిల్లీమీటర్లు బొమ్మకు. అంటే అక్షరాలు ఇంత పెద్దగా పెట్టినా బొమ్మకు షీట్‌లో మూడో వంతు దాకా మిగిలింది. పెద్దక్షరాలు పెడితే డిజైన్ చెడిపోతుందని భయపడతారు గానీ, చోటు తినేది అక్షరాలు కాదు, అనవసరమైన వరుసలు.

పేర్ల దగ్గర మీకు ఒత్తిడి వస్తుంది, అది నాకు తెలుసు. ఎవరి పేరు ముందు, ఎవరి ఫొటో పెద్దది అనే మాటల్లో సగం రోజు పోతుంది. నా పద్ధతి ఏమిటంటే, పేర్లన్నీ కింద పట్టీలో ఒకే సైజులో 6 మిల్లీమీటర్లలో పెట్టి, ఫొటోలు మాత్రం ఆహ్వాన పత్రికకు మార్చేస్తాను. పోస్టర్ రమ్మని చెప్పేది, పత్రిక గౌరవించేది అని చెప్తే పెద్దవాళ్లు చాలావరకు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ముఖ్య అతిథి పేరు ఒక్కటి 10కి పెంచండి, దానికి చోటు బొమ్మలోంచి ఇవ్వండి, తేదీలోంచి ఇవ్వకండి.

బొమ్మ, రంగు

కోట తోరణం మన గుర్తు, పెట్టొద్దని అనను. కానీ దాని ఫొటోలో అణువణువునా చెక్కుడు పని ఉంటుంది. ఆ చెక్కుడు మీద అక్షరాలు వేస్తే రెండూ పోతాయి. ఫొటోకు బదులు ఒకే రంగు నిండిన నీడబొమ్మ వాడండి. రెండు స్తంభాలు, అడ్డ దూలం, పైన హంసలు, ఆ ఆకారం చాలు, పది మీటర్ల నుంచి కూడా వరంగల్ అని తెలిసిపోతుంది. ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు, తోరణాన్ని ఫ్రేమ్‌లా నిలబెట్టి పేరును స్తంభాల మధ్య రాస్తారు. అందంగానే ఉంటుంది, కానీ స్తంభాలు వెడల్పులో మూడో వంతు తినేస్తాయి, మీ 40 మిల్లీమీటర్ల అక్షరం 26కు పడిపోతుంది. తోరణం పేరు కింద ఉండాలి, చుట్టూ కాదు.

మూడు ఫొటోల బదులు ఒకటే పెట్టండి. ఆ అమ్మాయిల పోస్టర్‌లో పెరిణి కళాకారుడి ఫొటో ఒక్కటి ఉంచి, వెనక ఉన్నదంతా కత్తిరించి, ముదురు మెరూన్ రంగు మీద నిలబెట్టాం. బతుకమ్మ ఫొటో తీసేస్తున్నప్పుడు వాళ్లకు బాధేసింది, అందుకని టైటిల్‌కు తంగేడు పువ్వు పసుపు రంగు వేశాం. మెరూన్ మీద ఆ పసుపు అద్భుతంగా పలికింది.

రంగు విషయంలో ఒక్క పరీక్ష చాలు: డిజైన్‌ను బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. ఎరుపు మీద ఆకుపచ్చ స్క్రీన్ మీద మిలమిలలాడుతుంది, కానీ బ్లాక్ అండ్ వైట్‌లో రెండూ ఒకే బూడిద రంగైతే దూరం నుంచి అక్షరం మాయమవుతుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియనివాళ్లకైతే దగ్గరి నుంచి కూడా కష్టమే. తెలుపు మీద పసుపు, తెలుపు మీద బంగారం కూడా అంతే. బంగారు షేడ్‌లో ఇంకో ఇబ్బంది, అక్షరంలో ఒక భాగం ముదురు, ఒక భాగం లేత, ఆ లేత భాగం కలిసిపోయే చోట అక్షరం విరిగినట్టు కనబడుతుంది. అంచు గీత వేయాలనుకుంటే అది అక్షరం బయటికి పెరిగేలా పెట్టండి. లోపలికి పెరిగితే భ కింద గీతను, ఠ లోపలి చుక్కను మింగేస్తుంది.

ఫాంట్ విషయం పెద్దగా లేదు. పేరుకు రామభద్ర, బాలూ తమ్ముడు లాంటి బొద్దు ఫాంట్లు బాగుంటాయి, 40 మిల్లీమీటర్లలో వాటి లోపలి ఖాళీలు మూసుకుపోవు. అదే ఫాంట్ 20కి, 6కి వాడితే మాత్రం మూసుకుపోతాయి. కాబట్టి చోటు, సమయం వరుసలకు అనెక్ తెలుగులో సెమీ బోల్డ్ లాంటి మధ్య రకం మందం తీసుకోండి. వరుసల మధ్య దూరం సాఫ్ట్‌వేర్ ఇచ్చినంత వదిలేయకండి. పై వరుస ఒళ్లు అడుగుకి, కింది వరుస ఒళ్లు తలకి మధ్య ఒక ఒళ్లంత ఖాళీ ఉంటే పై వత్తు, కింది గుడి గుద్దుకోవు.

ప్రింట్‌కు ఇచ్చే ముందు

పెద్ద ప్రింట్ తీయకుండానే చూసుకునే దారి ఉంది. మూడు మీటర్లను ఆరుతో భాగిస్తే అర మీటరు. 12×18ని ఆరుతో భాగిస్తే 2×3 అంగుళాలు. అంటే డిజైన్‌ను 2 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల ఎత్తుకు కుదించి కాగితం మీద ప్రింట్ తీసి, కంటికి అర మీటరు దూరంలో పెట్టి చూస్తే, మూడు మీటర్ల అవతల అసలు పోస్టర్ ఎంత కనబడుతుందో అంతే కనబడుతుంది. ఫోన్‌లో కూడా చేయొచ్చు, కానీ ఫోన్ స్క్రీన్‌కు సొంత వెలుగు ఉంటుంది, కాగితం కంటే బాగా కనబడి నమ్మిస్తుంది. కాగితమే మేలు.

ఈ పరీక్ష మీరు చేసుకోకండి. మీకు పోస్టర్‌లో ఏముందో తెలుసు కాబట్టి కళ్లు మూసుకున్నా చదువుతారు. ఇంతకుముందు చూడనివాళ్లకు మూడు సెకన్లు చూపించి దాచేయండి. "కనబడిందా?" అని అడిగితే అందరూ "ఆ" అంటారు. "ఏ రోజు? ఎక్కడ?" అని అడగండి. ముగ్గురిలో ఒక్కరు తడబడ్డా ఆ వరుస ఇంకా పెంచాలి.

షాపుకు ఫైల్ ఇచ్చేటప్పుడు అక్షరాలను కర్వ్‌లుగా మార్చి పీడీఎఫ్ ఇవ్వండి. మీరు యూనికోడ్‌లో టైప్ చేసిన టెక్స్ట్ అలాగే పంపితే, పాత సాఫ్ట్‌వేర్ ఉన్న చోట వత్తులు విడిపోయి పక్కకు వచ్చేస్తాయి. పీడీఎఫ్ తెరిచాక క్ర, త్ర, స్కృ లాంటి చోట్లు పెద్దగా చేసి చూసుకోండి. పేపర్ మ్యాట్ అడగండి. గ్లాసీ ఆర్ట్ పేపర్ చేతిలో మెరుస్తుంది గానీ, కారిడార్‌లో ట్యూబ్‌లైట్ వెలుగు దాని మీద తెల్లటి చారలా పడి సరిగ్గా టైటిల్‌నే కప్పేస్తుంది. అద్దాల నోటీసు బోర్డులో పెడితే మ్యాట్ కూడా కాపాడదు, అక్కడ తప్పదనుకుంటే ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా లేని వైపు ఎంచుకోండి. అంటించే ఎత్తు, "సంబురాలు" లాంటి పేరు వరుస నిలబడ్డవాళ్ల కంటికి కొంచెం పైన వచ్చేలా చూసుకోండి, ముందు నలుగురు నిలబడినా వెనకవాళ్లకు పేరు కనబడుతుంది.

ఆ అమ్మాయిల రెండో ప్రింట్ కూడా అదే గోడకు అంటించి, అదే చాయ్ దుకాణం ఆయన్ని అదే ఐదో టైల్ మీద నిలబెట్టాను. "శనివారం అయిదింటికట, ఆడిటోరియంలో" అన్నాడు. ఏ కాలేజీ అన్నది మాత్రం దగ్గరికి వచ్చి చదువుకున్నాడు. ఆ పేరు మేము 10 మిల్లీమీటర్లలోనే పెట్టాం. మీ పోస్టర్ కాలేజీ బయట, బస్టాప్‌లో కూడా అంటించేదుంటే మాత్రం కాలేజీ పేరును కూడా 20కి తెచ్చి, ఆ మేరకు బొమ్మ తగ్గించండి. మీ ప్రోగ్రామ్ పేరు ఏమిటో ఇక్కడ రాస్తే ఎంత సైజు పడుతుందో లెక్కేసి చెప్తాను.